భయపెట్టకుండా అష్టమ శని గురించి చెప్పే ఛానల్: కొన్నేళ్లుగా చూస్తున్నాక నా అభిప్రాయం

పంచాంగం, ముహూర్తాలు, రాశిఫలాలు అన్ని జ్యోతిష ఛానళ్లలోనూ ఉండేవే, వాటి గురించి రాయను. ఈ సిద్ధాంతిగారి ఛానల్‌ని మా ఇంట్లో ఇన్నేళ్లుగా చూడటానికి కారణం ఒక్కటే. ఏ దోషం గురించి మాట్లాడినా అది ఎంతమందికి వర్తిస్తుందో ముందే చెప్పేస్తారు.

ఆ అలవాటు విలువ నాకు 2025 ఉగాది ముందు అర్థమైంది. మార్చి 29న శని మీనరాశిలోకి వచ్చాడు. అదే రోజు అమావాస్య, మన దేశంలో కనపడని పాక్షిక సూర్యగ్రహణం, మీనంలో ఆరు గ్రహాల కూటమి. దానికి వారం ముందు నుంచే ఫోన్ తెరిస్తే చాలు, ఎర్ర అక్షరాల్లో ‘ప్రాణగండం’ అనే వీడియోలు. మా అమ్మది సింహరాశి, దానికి మీనం ఎనిమిదోది, అంటే అష్టమ శని. ఏప్రిల్‌లో ఆమెకి కంటిశుక్లం ఆపరేషన్ చేయాలని డాక్టరుగారు తేదీ ఇచ్చారు. ఒక వీడియోలో ఎవరో సింహరాశివాళ్లు శరీరంపై కత్తి పడనివ్వకూడదని, గ్రహణం లోపు హోమం చేయించకపోతే తర్వాత చేసినా ఫలితం ఉండదని చెప్పారు. కింద ఫోన్ నంబరు ఉంది. అమ్మకి రాత్రుళ్లు నిద్ర కరువైంది. ఆపరేషన్ వద్దంది. హోమానికి వేలల్లో అడుగుతున్నారని తెలిసీ డబ్బు పంపమని నన్ను బతిమాలింది.

ఈ ఛానల్ వీడియో ఆ మర్నాడు వచ్చింది. సిద్ధాంతిగారు మొదట లెక్క చెప్పారు. శని మీనంలో ఉంటే కుంభ, మీన, మేష రాశులకి ఏలినాటి శని, ధనుస్సుకి అర్ధాష్టమ శని, సింహానికి అష్టమ శని. పన్నెండు రాశుల్లో ఐదింటికి ఏదో ఒక శని ఉన్నట్టే. శని ఒక్కో రాశిలో రెండున్నరేళ్ల దాకా ఉంటాడు. అన్నాళ్లూ ఇంతమందికి ప్రాణగండం అంటే అది శాస్త్రం చెప్పిన మాట కాదని తేల్చి చెప్పారు. గోచారం, అంటే ఇప్పుడు గ్రహాలు ఏ రాశిలో ఉన్నాయన్నది ఒక్కటే చూసి ఎవరి గురించీ ఏమీ అనకూడదని, జాతకంలో నడుస్తున్న దశ, అష్టకవర్గం అనే మార్కుల లెక్కలో మీనంలో శనికి ఎన్ని బిందువులున్నాయో చూడాలని వివరించారు. నాలుగు, అంతకు మించి ఉంటే శని బాధ తక్కువ. అమ్మ జాతకం తీసి చూస్తే ఐదున్నాయి.

అమ్మకి ధైర్యం ఇచ్చింది మాత్రం చివర్లో చెప్పిన మాట. పరిహారంగా శనివారం నువ్వులనూనె దీపం, శక్తి ఉంటే నువ్వుల దానం చాలన్నారు. చేయకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లకి, “ఏమీ కాదమ్మా, మనసుకి నెమ్మది కోసం చేసుకోండి. ఆపరేషన్ తేదీ మాత్రం డాక్టరు చెప్పినదే” అన్నారు. అమ్మ ఆ ముక్కని మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది. ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది.

అలాగని ఆయన చెప్పినదంతా సరిపోయిందని అనలేను. అదే వీడియోలో, మే 14న గురువు మిథునంలోకి వస్తే సింహానికి లాభస్థానం కాబట్టి ఊరట ఉంటుందన్నారు. నిజమే, కానీ పదకొండులో ఉన్న గురువుకి ఎనిమిదో స్థానంలో గ్రహం ఉంటే వేధ అంటారు, అంటే గురువు ఇచ్చే మంచి ఫలితానికి అడ్డు. అక్కడ శని ఉన్నాడు. ఆ మాట ఆయన ఎత్తలేదు. భయపడే వాళ్లని కాపాడటమంటే ఇబ్బందిగా ఉన్న భాగాన్ని దాచడం కాదని నా అభిప్రాయం. ‘గురుబలం ఉంది, అయితే పూర్తిగా కాదు’ అని ఉంటే నమ్మకం ఇంకా నిలిచేది. తర్వాత కొంత జ్యోతిషం తెలిసిన బంధువు ఈ సంగతి చెప్పినప్పుడు అమ్మకి మళ్లీ రెండు రోజులు టెన్షన్ పట్టుకుంది.

ఇంకో చిక్కు ఉంది, అది ఆయన చేతిలో లేదు. వీడియో అవ్వగానే ఆటోప్లేలో మళ్లీ భయపెట్టే వీడియోనే వస్తోంది. అమ్మ ఫోన్‌లో, టీవీలో ఆటోప్లే ఆపేశాను, అలాంటి ఛానళ్లని ‘సిఫారసు చేయవద్దు’లో పెట్టాను. అప్పటినుంచి చాలా తగ్గాయి.

మా ఇంటి పరిస్థితి వేరు. అమ్మ కంగారుపడినా పక్కన కూర్చుని జాతకం తీసి చూపించడానికి నేనున్నాను, ఆమె నామాట వింటుంది. ఒంటరిగా ఉండి, రోజుల తరబడి నిద్ర, తిండి మానేసినవాళ్లకి మాత్రం ఈ ఛానల్‌ని కూడా చూడమని చెప్పను. వాళ్లు ముందు డాక్టరుని కలవాలి, లేదా ప్రభుత్వ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి. అక్కడ తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.