వేరియన్స్‌కి ఏది మేలు: షార్ట్‌కట్టా, నిర్వచనమా, జరిపి చేయడమా?

దిల్‌సుఖ్‌నగర్‌లో సాయంత్రం నా దగ్గరికి ట్యూషన్‌కి వచ్చే డిగ్రీ పిల్లలు ప్రతి ఏడాదీ ఇదే అడుగుతారు. "సార్, వేరియన్స్‌కి E(X²) − μ² వాడాలా, (x − μ)² పెట్టి ఇంటిగ్రేట్ చేయాలా?" రెండూ ఒకే జవాబు ఇస్తాయి కదా అని వదిలేసేవాణ్ణి. మొన్న నేనే బోర్డు మీద తప్పు చేశాక ఆ మాట అనడం మానేశాను.

లెక్క ఇది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకి బస్సులో పట్టే సమయం X నిమిషాలు అనుకుందాం. డెన్సిటీ f(x) = (50 − x)/50, x విలువ 40 నుంచి 50 వరకు. లెక్క కోసం ఊహించినదే, మలక్‌పేట ట్రాఫిక్ ఇంత బుద్ధిగా ఉండదు. బొమ్మ గీస్తే త్రిభుజం వస్తుంది. అడుగు 10, ఎత్తు 1/5, వైశాల్యం 1. కాబట్టి డెన్సిటీ సరైనదే. 45 నిమిషాలు దాటే సంభావ్యత కూడా చిన్న త్రిభుజమే: అడుగు 5, ఎత్తు 1/10, అంటే 1/4. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు.

ఇప్పుడు షార్ట్‌కట్. మీన్ 130/3, అంటే 43.33. E(X²) కోసం 50x² − x³ ని ఇంటిగ్రేట్ చేసి లిమిట్స్ వేస్తే 10,16,667 లోంచి 9,22,500 తీసేయాలి. మిగిలినదాన్ని 50తో భాగిస్తే 1883.33. నేను బోర్డు మీద మీన్‌ని 43.3 అని రాసి ముందుకెళ్లాను. 43.3 వర్గం 1874.89. తీసేస్తే వేరియన్స్ 8.44 వచ్చింది. అసలు జవాబు 50/9, అంటే 5.56. మీన్‌లో వదిలేసింది 0.03 మాత్రమే, జవాబులో తేడా దాదాపు 2.9. కారణం ఏమిటంటే, మీన్‌లో చిన్న తప్పు దొర్లితే దాని వర్గంలో ఆ తప్పు సుమారు 2μ రెట్లు అవుతుంది. ఇక్కడ అది 87 రెట్లు. రెండు పెద్ద సంఖ్యల మధ్య మిగిలే చిన్న తేడా మీద ఆ తప్పంతా పడుతుంది.

తప్పని ఎలా తెలిసిందంటే, 40 నుంచి 50 వరకు సమానంగా పరుచుకున్న డెన్సిటీకి వేరియన్స్ 100/12, అంటే 8.33. డెన్సిటీ గీత సరళరేఖగా ఉన్నంత వరకు, ఎటు వాలినా వేరియన్స్ దాన్ని దాటదు. నాది దాటింది. ముందు బెంచీలో కూర్చున్న అమ్మాయి అడిగేదాకా నాకే తట్టలేదు, అది వేరే సంగతి.

నిర్వచనం వాడితే ఈ ప్రమాదం లేదు. (x − μ)² చిన్న సంఖ్యే, పెద్దవి ఒకదాన్నొకటి కొట్టేసుకునే పని ఉండదు. కానీ (x − 130/3)² ని విప్పి (50 − x)తో గుణిస్తుంటే భిన్నాల చిక్కు మొదలవుతుంది. పరీక్షలో గుర్తు తప్పేది ఇక్కడే. ఆకారం సౌష్ఠవంగా ఉండి, మీన్ మధ్యలో చక్కటి సంఖ్యగా పడితే మాత్రం నిర్వచనమే హాయి.

నేను ఇప్పుడు చేసేది, చేయించేది మూడోది. ముందు 40ని పక్కన పెట్టేయాలి. Y = X − 40 అనుకుంటే డెన్సిటీ (10 − y)/50, లిమిట్స్ 0 నుంచి 10. జరిపినా వేరియన్స్ మారదు. E(Y) = (500 − 1000/3)/50 = 10/3. E(Y²) = (10000/3 − 2500)/50 = 50/3. వేరియన్స్ 50/3 − 100/9 = 50/9. ఇక్కడ మీన్‌ని 3.3 అని రాసినా 5.78 వస్తుంది. తప్పే, కానీ 8.44 అంత ఘోరం కాదు. మీన్ కావాలంటే చివర్లో 40 కలుపుకోవాలి. దాన్ని మర్చిపోయి మీన్ 3.33 అని రాసేవాళ్లూ ఉన్నారు. 40 కంటే తక్కువ మీన్ ఎలా వస్తుందని ఒక్కసారి చూసుకుంటే చాలు.

P(X > x) ని ఇంటిగ్రేట్ చేసి మీన్ తీసే పద్ధతి కూడా ఉంది. ఋణ విలువలు లేని చోట బాగుంటుంది, వేరియన్స్‌కి పెద్దగా కలిసిరాదు.

షార్ట్‌కట్ తప్ప మరొకటి వాడనంటే, భిన్నాలు చివరిదాకా భిన్నాలుగానే ఉంచండి: 5650/3 − 16900/9 = (16950 − 16900)/9 = 50/9. క్యాలిక్యులేటర్ ముట్టుకునేది ఆ తర్వాతే.