నాలుగేళ్ల వాడకంలో ఎల్‌సీఆర్ మీటరు: పది పీకోఫారడ్ల దగ్గర పడిన తేడా

విజయవాడ గవర్నర్‌పేటలోని నా రిపేరు బల్ల మీద ఇండక్టెన్సు, కెపాసిటెన్సు, నిరోధం కొలిచే ఈ చేతి ఎల్‌సీఆర్ మీటరు నాలుగేళ్లుగా రోజూ పనిచేస్తోంది. మైక్రోఫారడ్ల కొలతలో ఇది నన్ను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి, ఇక్కడ చిన్న సిరామిక్ కెపాసిటర్ల సంగతే రాస్తున్నాను.

కొన్న మొదటి ఏడాది ఒక ఎఫ్‌ఎం ట్యూనర్ బోర్డు కోసం 5 శాతం టాలరెన్సు ఉన్న 10 పీకోఫారడ్ల ఎన్‌పీఓ కెపాసిటర్లు, అంటే వేడికి విలువ దాదాపు మారని సిరామిక్ రకం, తెచ్చాను. 100 కిలోహెర్ట్జ్ వద్ద పెట్టి చూస్తే ప్రతిదీ 11.3 దగ్గరే చూపించింది. సరుకు నాసిరకమని పక్కన పెట్టేశాను. తర్వాత అనుమానం వచ్చి, క్లిప్పులు కదలకుండా కెపాసిటర్‌ను మాత్రం నెమ్మదిగా లాగేస్తే తెర మీద ఇంకా 1.3 పీకోఫారడ్లు మిగిలింది. తప్పు నాదే. ఏ భాగమూ పెట్టకుండా క్లిప్పుల సొంత కెపాసిటెన్సును మీటరు చేత తీసివేయించే ఓపెన్ కంపెన్సేషన్ చేసేటప్పుడు వాటిని జానెడు దూరంలో ఉంచి, కొలిచేటప్పుడు 5 మిల్లీమీటర్ల దగ్గరికి తెచ్చాను. దగ్గరయ్యేకొద్దీ క్లిప్పుల మధ్య కెపాసిటెన్సు పెరుగుతుంది, ఆ పెరుగుదల మీటరుకు తెలియదు.

అప్పటి నుంచి ఒక పాత శుభలేఖ అట్టముక్కకు 5 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గాట్లు పెట్టి, క్లిప్పులను వాటిలోనే నిలిపి ఓపెన్ చేస్తున్నాను. అవే కెపాసిటర్లు 9.9కీ 10.1కీ మధ్య చూపించాయి. పారేయకుండా ఉంచినందుకు సంతోషించాను. నా మీటరులో ఫ్రీక్వెన్సీ మార్చిన ప్రతిసారీ ఓపెన్ మళ్లీ చేయాలి. చేసేటప్పుడు చెయ్యి దూరంగా ఉండాలి.

ఫ్రీక్వెన్సీ సంగతి ఇంకా ముఖ్యం. 10 పీకోఫారడ్ల ఇంపిడెన్సు 100 హెర్ట్జ్ వద్ద దాదాపు 159 మెగా ఓమ్‌లు, 100 కిలోహెర్ట్జ్ వద్ద 159 కిలో ఓమ్‌లు. మీటరు ఇచ్చే 0.6 వోల్టులకు మొదటి దానిలో పారేది సుమారు 4 నానో ఆంపియర్లే. ఆపై 100 హెర్ట్జ్ మన 50 హెర్ట్జ్ కరెంటుకు సరిగ్గా రెట్టింపు కాబట్టి, ట్యూబులైటు కింద అంకె 8కీ 13కీ మధ్య ఊగుతూనే ఉండేది. వానాకాలంలో కెపాసిటర్ ఒంటి మీద తేమ, వేలి జిడ్డు వల్ల కలిగే లీకేజీ కూడా తక్కువ ఫ్రీక్వెన్సీలోనే ఎక్కువగా బయటపడుతుంది, కెపాసిటర్‌లోని నష్టాన్ని చూపే డి విలువ పెరిగితే నేను దాన్నే అనుమానిస్తాను. అందుకే చిన్న విలువలకు 100 కిలోహెర్ట్జ్, ప్యారలల్ మోడ్ తప్ప వేరేది వాడను. సరిచూసుకోవడానికి మాత్రం 10 కిలోహెర్ట్జ్‌లోనూ చూస్తాను, మంచి ఎన్‌పీఓ ఆ రెండింటిలోనూ ఒకే విలువ చూపాలి, తేడా వస్తే ముందు ఓపెన్ మళ్లీ చేస్తాను.

క్లిప్పులను ఒకదానికొకటి తాకించి తీగల నిరోధాన్ని తీసివేయించే షార్ట్ కంపెన్సేషన్‌కు ఇక్కడ పెద్ద పని లేదు. తీగల అర ఓమ్ నిరోధం 159 కిలో ఓమ్‌ల ముందు లెక్కలోకి రాదు. 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలిటిక్ లోపలి నిరోధమైన ఈఎస్‌ఆర్ చూసేటప్పుడైతే అదే మొత్తం ఫలితాన్ని చెడగొడుతుంది.

తెర 0.01 పీకోఫారడ్ దాకా చూపినా, మీటరుతో ఇచ్చిన తీగలతో ఒక పీకోఫారడ్ లోపు అంకెను నేను నమ్మను. తీగ కాస్త పక్కకు జరిగినా అది మారిపోతుంది.