చాయ్ గీయా, చాయ్ వాయా?

చాయ్, అలాంటివి అనే అర్థంలో హైదరాబాద్‌లో ‘చాయ్ గీయ్’, ‘చాయ్ వాయ్’ రెండూ వినిపిస్తాయి. ‘వాయ్’ ఉర్దూ, హిందీ పద్ధతి: మొదటి హల్లు మాత్రమే ‘వ’ అవుతుంది, అచ్చు అలాగే ఉంటుంది. పానీ వానీ, రోటీ వోటీ.

తెలుగులో అచ్చు కూడా పోతుంది. మొదటి అక్షరం పొట్టిదైతే ‘గి’, పొడుగుదైతే ‘గీ’: పుస్తకం గిస్తకం, డబ్బు గిబ్బు, పాలు గీలు. అసలు అచ్చు పోయినా దాని పొడవు మాత్రం మిగులుతుంది. నాకు ఇదే అందంగా తోస్తుంది. బయటి నుంచి వచ్చిన మాటలూ తప్పించుకోలేవు: కాఫీ గీఫీ, బస్సు గిస్సు.

చిక్కల్లా ‘గి’తోనే మొదలయ్యే మాటలతో. ‘గిన్నెలు గిన్నెలు’ అంటే బోలెడు గిన్నెలని అర్థమవుతుంది, గరిటెలు అందులోకి రావు. అక్కడ ‘గిన్నెలూ అవీ’ అనాల్సిందే.

తెలుగు వాక్యంలో నేను ‘చాయ్ గీయ్ తాగుదామా’ అనే అంటాను.