మూడు షిఫ్టులా, విడివిడి రాకలా?

రోజుకు తొమ్మిది మంది నర్సులు, ఒక్కొక్కరికి 8 గంటల డ్యూటీ అనుకోండి. ఉదయం 6, మధ్యాహ్నం 2, రాత్రి 10కి ముగ్గురేసి వచ్చే పద్ధతిలో రోస్టర్ వేయడం తేలికే, కానీ సాయంత్రం రద్దీలోనూ ముగ్గురే, తెల్లవారుజామున 3కీ ముగ్గురే. పైగా డ్యూటీ మారేటప్పుడు ముగ్గురూ ఒకేసారి కేసులు అప్పగిస్తుంటే, డ్రిప్ అయిపోయిన రోగిని చూసేవారుండరు!

అదే 6, 7, 10, 14, 15, 16, 17, 22, 23 గంటలకు ఒక్కొక్కరు వస్తే సాయంత్రం 5 నుంచి 6 వరకు ఐదుగురు, రాత్రి 12 వరకు నలుగురు ఉంటారు, అప్పగింతలు కూడా ఒక్కొక్కటిగా సాగుతాయి. నేనైతే దీనికే ఓటేస్తాను. రాత్రి 1 నుంచి ఇద్దరే కాబట్టి, పిలవగానే వచ్చే మనిషి ఒకరు తప్పనిసరి. అర్ధరాత్రి దిగేవాళ్లకు బండి కూడా చూడాలి.