బండికి లైట్లు, హారన్, ఫోన్ చార్జర్: రెండేళ్లు వాడాక బ్యాటరీ సంగతి

నాది 150 సీసీ బీఎస్6 బండి, బ్యాటరీ 12 వోల్టులు 4 ఏహెచ్, కిక్ రాడ్ లేదు. చలికాలం తెల్లవారుజామున సూర్యాపేట వైపు పొగమంచులో వెళ్లాల్సి వస్తుందని రెండు ఎల్ఈడీ లైట్లు, జంట హారన్, హ్యాండిల్ మీద ఫోన్ చార్జర్ పెట్టించా, రెండేళ్లు దాటింది. లైట్లు బాగున్నాయి, హారన్ లారీవాడికి కూడా వినపడుద్ది, చార్జర్ వానలో కూడా పనిచేస్తోంది. మరి బ్యాటరీ ఎందుకు కూర్చునేదంటే, అందరూ లైట్ల మీదకే నెట్టేస్తారు కానీ నా బండిలో అసలు దొంగ చార్జర్.

షాపులో "ఇంజిన్ ఆపినా ఫోన్ చార్జ్ అవుద్ది సార్" అని దాన్ని నేరుగా బ్యాటరీకే కలిపారు. దాంట్లో వోల్టేజ్ చూపించే చిన్న డిస్‌ప్లే ఒకటి ఉంది, అది పగలు రాత్రి వెలుగుతూనే ఉంటది. ఊరికెళ్లి వారం తర్వాత వస్తే సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మంటది అంతే, ఈ ఎఫ్ఐ బండ్లు తోసినా కష్టమే, ఎందుకంటే బ్యాటరీ బాగా దిగిపోతే పెట్రోల్ పంపు, ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూ కూడా లేవవు.

మల్టీమీటర్‌తో చూడటం పెద్ద పనేం కాదు. కీ ఆఫ్ చేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, మీటర్‌ని ఆంపియర్ల సెట్టింగ్‌లో పెట్టి ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్యలో కలపాలి (అలా ఉన్నప్పుడు కీ ఆన్ చేయొద్దు, సెల్ఫ్ అసలే నొక్కొద్దు, మీటర్ ఫ్యూజ్ పోద్ది). నాకు 18 మిల్లీ ఆంపియర్లు చూపించింది, చార్జర్ పీకితే 1కి పడిపోయింది. 18 అంటే చిన్నదే అనిపిస్తది కానీ 24 గంటలకి గుణిస్తే రోజుకి 0.43 ఏహెచ్, అంటే ఐదు రోజుల్లో సగం బ్యాటరీ పైనే ఖాళీ. కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చేలా, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్ లాంటి ఒక రిలే ద్వారా మార్పించా, అప్పట్నుంచి వారాలు నిలబెట్టినా సెల్ఫ్ ఒక్క దెబ్బకే అందుకుంటోంది.

ఇక లోడ్ లెక్క. వాట్స్‌ని 12తో భాగిస్తే ఆంపియర్లు. లైట్ల డబ్బా మీద ఒక్కోటి 60 వాట్స్ అని రాసుంది, మీటర్ పెడితే ఒక్కోటి 1.6 ఆంపియర్లే, అంటే 20 వాట్స్‌కి కాస్త అటూ ఇటూ, డబ్బా మీద అంకెలు నమ్మకండి. రెండూ కలిపి 3.2, ఫోన్ ఫాస్ట్ చార్జింగ్‌లో ఉంటే ఇంకో 1.7 దాకా. రోడ్డు మీద నడుస్తుంటే ఇది సమస్యే కాదు, బ్యాటరీ దగ్గర 14 వోల్టులు నిలబడుతోంది. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఆగినప్పుడే తేడా, 2017 నుంచి వచ్చే బండ్లకి హెడ్‌లైట్ ఎలాగూ ఆరదు, దానికి తోడు ఇవన్నీ, నా బండికి అప్పుడు 12.6కి దిగి ఇంకా మెల్లగా దిగుతూ ఉంటది. అంటే చార్జ్ ఎక్కట్లేదు, బ్యాటరీయే తినిపిస్తోందన్నమాట. అందుకే సిటీలో లైట్లు ఆర్పేస్తా, స్విచ్ పక్కనే ఉంది కదా.

హారన్ విషయంలో లెక్క తిరగబడుద్ది. జంట కలిపి 8 ఆంపియర్లు లాగుతుంది, వినడానికి భయమే కానీ గంటలో యాభై సార్లు ఒక్కో సెకను కొట్టినా 0.11 ఏహెచ్ దాటదు. బ్యాటరీకి అది లెక్కే కాదు, బాధంతా వైరుకీ స్విచ్‌కీ. కంపెనీ హారన్ స్విచ్ అంత కరెంటు మోయడానికి చేసింది కాదు, అందుకే దానికీ రిలే ఉండాల్సిందే, స్విచ్ రిలేకి సైగ చేస్తే చాలు.

ఫ్యూజ్ దగ్గర షాపులవాళ్లు చేసే పని నాకు అస్సలు నచ్చదు. లైట్ల కిట్‌లో వచ్చిన సన్న వైరుకి 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్ పెట్టి ఇచ్చారు. ఫ్యూజ్ ఉండేది లైట్లని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. ఎక్కడో ఇన్సులేషన్ అరిగి షార్ట్ అయితే ఆ ఫ్యూజ్ పోయే లోపు వైరే కాలిపోవచ్చు. మామూలుగా లోడ్‌కి పావు వంతు నుంచి సగం దాకా ఎక్కువ పెట్టాలి, కానీ వైరు మోయగలిగినదాని కంటే తక్కువుండాలి. నా దగ్గర 3.2కి 5 (లేత గోధుమ రంగు), చార్జర్‌కి 3 (ఊదా), హారన్‌కి మాత్రం నొక్కిన క్షణం ఎక్కువ లాగుతుంది కాబట్టి 15, దానికి 1.5 చదరపు మిల్లీమీటర్ల మందం వైరు వేయించా. మూడు ఫ్యూజులూ బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు లోపే ఉన్నాయి, దూరంగా పెడితే ఆ మధ్య వైరుకి కాపలా ఉండదు.

మొన్న వానాకాలం లైట్ల ఫ్యూజ్ రెండు సార్లు వరసగా పోయింది. మెకానిక్ 10 వేద్దాం అన్నాడు, నేను వద్దని హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ వైరు వెంబడి వెతికించా. ఫోర్క్ మెడ దగ్గర ట్యాగ్ బిగుతుగా కట్టడంతో తిప్పినప్పుడల్లా రాసుకుని రాగి బయటపడి ఫ్రేమ్‌కి తగులుతోంది. అక్కడ స్లీవ్ తొడిగి కాస్త వదులు ఇచ్చి కట్టాం, అదే 5 ఫ్యూజ్ ఇప్పటికీ నడుస్తోంది.