జర్మనా, జపనీసా? ఓ నర్సు ముందున్న లెక్క

మా మేనకోడలు బీఎస్సీ నర్సింగ్ చేసి రెండేళ్లుగా హన్మకొండలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. మొన్న నైట్ డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికొచ్చి, "మామా, జర్మన్, జపనీస్ రెండింట్ల ఏది ఈజీ?" అని అడిగింది. నేను ఆఫీసు పని కోసం జపనీస్ నేర్చుకున్నాను, జర్మన్‌లో రెండో మెట్టు ఏ2 దాకా వెళ్లి ఆగాను. ఈజీ సంగతే అయితే మనకు జపనీసే ఈజీ అన్నాను. నమ్మలేదు.

జపనీస్ కష్టమన్న మాట ఇంగ్లిష్‌ వాళ్ల నుంచి వచ్చింది. అమెరికా తన దౌత్య సిబ్బందికి జపనీస్ నేర్పడానికి 88 వారాలు పెడుతుంది, జర్మన్‌కు అందులో సగం కూడా పట్టదు. ఆ లెక్క ఇంగ్లిష్ నోటికి సరిపోతుంది. మన నోటికి? "నిన్న చూసిన సినిమా" అనే మాట తీసుకోండి. జపనీస్‌లో "కినో మిత ఏగా". నిన్న, చూసిన, సినిమా, అదే వరుస. జర్మన్‌లో ముందు సినిమా చెప్పి, తర్వాత "ఏదైతే నేను నిన్న చూశానో" అని తోక తగిలించాలి. "తిని చూడు" అన్నట్టే వాళ్లూ తినడానికి "చూడు" కలిపి "తబెతె మితె" అంటారు. "వస్తానని అన్నాడు"లో మన "అని" ఎక్కడుందో అక్కడే వాళ్ల "తొ" ఉంటుంది. ఇంగ్లిష్ పక్కన పెట్టి తెలుగులోనే ఆలోచిస్తే వాక్యం దానంతటదే కుదురుతుంది.

జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది. చెంచా పురుషుడు, ఫోర్కు స్త్రీ, చాకు రెండూ కాదు. లాజిక్ వెతికి లాభం లేదు, మాటతో పాటు డెర్, డీ, దాస్ కూడా బట్టీ పట్టాల్సిందే. ఒక్క చోట మాత్రం మనకు ఆశ్చర్యం కలగదు. అక్కడ "అమ్మాయి" అనే మాట నపుంసక లింగం. మనం కూడా అమ్మాయి "వచ్చింది" అనే కదా అంటాం!

జపనీస్ అసలు భారమంతా లిపిలో ఉంది. రెండు అక్షరమాలలు నెలలో వస్తాయి. చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు, కాంజీలు, అలా రావు. రోజువారీ వాడుకకు ప్రభుత్వం ఖరారు చేసిన జాబితాలోనే 2,136 ఉన్నాయి. ఇంకో మెలిక, జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో మాట్లాడే భాగమే లేదు, అన్నీ టిక్కు పెట్టే ప్రశ్నలే. అందుకే అందులో కింది నుంచి రెండో మెట్టైన ఎన్4 సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని, ఫోన్లో జపాన్ వాళ్లు "కడుపు నొప్పి ఎప్పటినుంచి?" అని అడిగితే నోరు తెరవలేని వాళ్లుంటారు. జర్మన్‌లో ఏ2 తర్వాతి మెట్లు బీ1, బీ2. గోథే సంస్థ పెట్టే ఆ పరీక్షల్లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడిగా 60 మార్కులతో పాస్ కావాలి. మాట్లాడటం దాటలేకపోతే సర్టిఫికెట్ పూర్తి కాదు.

మరి అమ్మాయికి జపనీసే చెప్పానా? లేదు. వ్యాకరణం జపనీస్ వైపు ఉంటే, ఆమె డిగ్రీ జర్మన్ వైపు ఉంది.

జపాన్‌కు మన నర్సులు ఎక్కువగా వెళ్లే దారి, 2019లో వచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా. ఎన్4 స్థాయి భాషతో పాటు కేర్ పనికి సంబంధించిన పరీక్షలు పాసైతే చాలు. కానీ అక్కడ ఆమె నర్సు కాదు, కేర్ వర్కర్. ముసలివాళ్లకు స్నానం చేయించడం, తినిపించడం, మంచం మీద పక్కకు తిప్పడం. ఇంజెక్షన్ ముట్టుకోవడానికి లేదు. ఈ వీసాలో మొదటి రకానికి గడువు సాధారణంగా మొత్తం ఐదేళ్లు, కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీలుండదు. ఆ లోపు కేర్ వర్కర్ జాతీయ పరీక్ష పాసైతే ఉండిపోవచ్చు. నర్సుగానే పనిచేయాలంటే మాత్రం అక్కడి నర్సుల జాతీయ పరీక్ష జపనీస్‌లో రాయాలి.

జర్మనీలో బీఎస్సీ నర్సింగ్‌కు విలువ కడతారు. మార్కుల పత్రాలు, ప్రాక్టికల్ గంటలు చూసి, తక్కువైన వాటికి అక్కడే కొన్ని నెలల శిక్షణో పరీక్షో పెడతారు. చాలామంది బీ1తో వెళ్లి, సహాయకురాలిగా పనిచేస్తూ బీ2 పూర్తిచేసి లైసెన్స్ తీసుకుంటారు. డ్యూటీ మారేటప్పుడు రోగి సంగతి మరో నర్సుకు నోటితో అప్పజెప్పాలి, అందుకే బీ2 అడుగుతారు.

సమయం లెక్క వేశాం. బీ2 దాకా సుమారు 650 క్లాసు గంటలు. రోజుకు రెండు గంటలైతే ఏడాది లోపే. కానీ నెలలో పది రాత్రులు డ్యూటీ చేసే పిల్లకు ఏడాదిన్నర అనుకున్నాం. ఎన్4 అందులో సగం కాలంలో వస్తుంది. "ఆ సగం కాలానికి ఆశపడితే నాలుగేళ్ల చదువు పక్కన పెట్టాలన్నమాట," అంది. ఆ మర్నాడే డే డ్యూటీకి మార్చమని అడిగింది.

వాళ్ల తమ్ముడు బీటెక్ మూడో సంవత్సరం. వాడికి నేను చెప్పింది దీనికి పూర్తిగా తిరగేసి. జర్మనీలో ఇంగ్లిష్‌తో నడిచే సాఫ్ట్‌వేర్ ఆఫీసులు చాలా ఉన్నాయి, కాబట్టి అక్కడ ఉద్యోగానికి వాడికి జర్మన్ వల్ల వచ్చే అదనపు లాభం కొంచెమే. జపాన్ కంపెనీలు మాత్రం ఎక్కువగా ఎన్4 కంటే రెండు మెట్లు పైనున్న ఎన్2 అడుగుతాయి. అది ఉన్న ఇంజనీర్లు తక్కువ. వాడు ఇప్పుడు రాత్రిళ్లు కాంజీ కార్డులు ముందేసుకుని కూర్చుంటున్నాడు.