హోమ్‌స్టే క్యాలెండర్: ఉచిత ఐకాల్ లింకా, నెల ఫీజు ఛానెల్ మేనేజరా?

తిరుపతిలో మూడు గదుల ఇల్లు, సొంత వెబ్‌సైట్, రెండు లిస్టింగ్ యాప్‌లు. ఖాళీ తేదీలు మూడుచోట్లా ఒకేలా కనిపించాలి. దారులు రెండు: ఒకచోటి క్యాలెండర్‌ను ఇంకోచోట చదివించే ఐకాల్ లింక్, లేదా అన్నిచోట్లా తేదీలను ఒకేచోటు నుంచి నడిపే ఛానెల్ మేనేజర్ సాఫ్ట్‌వేర్.

ఖర్చు: ఐకాల్ ఉచితం. ఛానెల్ మేనేజర్‌కు నెలకు 1,500 అనుకుందాం. 2,000 గదికి యాప్ కమిషన్ 15 శాతమైతే 300 పోతుంది. సొంత సైట్‌లో పేమెంట్ గేట్‌వేకి 2 శాతం, అంటే 40. రాత్రికి 260 మిగులు. నెలకు ఆరు రాత్రులు నేరుగా బుక్కయితేనే ఆ ఫీజు గిట్టుబాటు.

పని: ఐకాల్‌లో గదికో లింక్ పెట్టాలి, మూడూ కలిపితే ఒక గది నిండగానే ఇల్లంతా మూసేస్తుంది. ఇంకో చిక్కు, ఐకాల్‌లో ఒక బుకింగ్ తేదీలు ఇలా వస్తాయి:

```
DTSTART;VALUE=DATE:20261010
DTEND;VALUE=DATE:20261012
```

ఇది 10, 11 రాత్రులే. 12 చెకౌట్ రోజు, ఆ రాత్రి ఖాళీ. మీ సైట్ 12ను కూడా మూసేస్తే ప్రతి బుకింగ్‌కూ ఒక రాత్రి అద్దె గల్లంతు. ఒక ఉత్తుత్తి బుకింగ్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

రిస్క్: ఐకాల్ అప్‌డేట్‌కు గంటలు పట్టొచ్చు. మధ్యాహ్నం రెండింటికి యాప్‌లో పోయిన గదికి మూడున్నరకు మీ సైట్‌లో ఇంకొకరు డబ్బు కట్టేస్తారు. దర్శనం టికెట్ చేతిలో ఉన్నవాళ్లు తేదీ మార్చుకోలేరు, గొడవ ఖాయం. అందుకే ఐకాల్ వాడితే ముందు రిక్వెస్ట్ తీసుకుని, యాప్‌లు చూసుకున్నాకే పేమెంట్ లింక్ పంపండి. ఛానెల్ మేనేజర్ అయితే నిమిషాల్లో మూస్తుంది, వెంటనే డబ్బు తీసుకోవచ్చు.

మూడు గదుల్లోపు, ఫోన్ ఎత్తే మనిషి ఇంట్లోనే ఉంటే ఐకాల్ చాలు. యజమాని వేరే ఊళ్లో ఉన్నా, బ్రహ్మోత్సవాలకు అన్నిచోట్లా గదులు తెరిచిపెట్టినా ఛానెల్ మేనేజరే.